సింకు జాలీ కింద నీరు కారుతోంది, గ్యాస్కెట్ రెండుసార్లు మార్చినా ఆగలేదు

చుక్కల_లెక్క
మాది స్టీలు సింకు. నీళ్లు పోయే చోట పైకి తీయగలిగే బుట్ట జాలీ, సింకు కింద దాన్ని పట్టి ఉంచే పెద్ద నట్. పది రోజులుగా ఆ నట్ అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి, కింద అల్మరా పలక ఉబ్బిపోయింది. విప్పి చూస్తే రబ్బరు గ్యాస్కెట్ అట్టలా గట్టిపడి ఉంది. కొత్తది వేశాను. రెండు రోజులు ఆగి మళ్లీ కారింది. రెండోసారి ఇంకో కొత్త గ్యాస్కెట్ తెచ్చి, దానికి రెండు వైపులా ప్లంబర్ పుట్టీ దట్టంగా పూసి, ఇక తిరగదు అనేదాకా పానాతో బిగించాను. ఈసారి పది నిమిషాలకే మొదలైంది! ఎక్కువ జాగ్రత్త పడితే ఎక్కువ కారడం ఎక్కడైనా ఉందా? జాలీ మొత్తం మార్చేయాలా?

రబ్బరు_చెప్పు
మా ఇంట్లోనూ ఇదే గోల. జాలీ నొక్కి మూసి నీళ్లు నింపితే అరగంటలో సింకు ఖాళీ. బుట్ట అడుగున ఉండే రబ్బరు బిళ్ల అరిగిపోతే అలా అవుతుంది. బిళ్ల ఒక్కటే విడిగా దొరుకుతుంది, మార్చండి, సరిపోతుంది.

చుక్కల_లెక్క
అది కాదండీ. నీళ్లు పైపులోకి పోవడం కాదు నా బాధ. పైపు బయట, అల్మరాలోకి పడుతున్నాయి.

రబ్బరు_చెప్పు
ఓహో. అయితే నాది వేరే జబ్బు. వెనక్కి తీసుకుంటున్నాను.

మరచుట్టు
టెఫ్లాన్ టేపు వాడలేదా? ఆ పెద్ద నట్ ఎక్కే మరల మీద ఎనిమిది పది చుట్లు చుట్టి బిగించండి. నీళ్లు దిగేది మరల గుండానే కదా.

పాతపానా
మరచుట్టు గారు, సగం నిజం చెప్పారు. నీళ్లు చివరికి బయటపడేది ఆ మరల గుండానే. కానీ ఆ మరలు నీటిని ఆపడానికి పెట్టినవి కావు, జాలీని కిందికి లాగి పట్టడానికి పెట్టినవి. అక్కడ టేపు చుడితే నీళ్లు రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి, అంతే.

చుక్కల_లెక్క గారు, మీరు చూస్తున్నది నీళ్లు బయటికి వచ్చే చోటు. లోపలికి దూరే చోటు పైన ఉంది. జాలీ పై అంచు సింకు రేకు మీద కూర్చుంటుంది కదా, ఆ రెండింటి మధ్య సందు ఉంటే నీళ్లు అక్కడ దూరి, జాలీ ఒంటి వెంట దిగి, మరల గుండా నట్ అంచుకు చేరతాయి. చూసేవాళ్లకు గ్యాస్కెట్ కారుతున్నట్టే కనిపిస్తుంది. అందుకే జనం గ్యాస్కెట్ మీద గ్యాస్కెట్ మారుస్తూ ఉంటారు. నీళ్లను మొదట ఆపేది పై అంచు కింది పుట్టీ. కింది గ్యాస్కెట్ రెండో కాపలా.

ఒక్క ప్రశ్న. మీరు రెండుసార్లు విప్పినప్పుడు జాలీని సింకులోంచి పైకి తీశారా, లేక కింద నట్ మాత్రం విప్పి రబ్బరు మార్చారా?

చుక్కల_లెక్క
...నట్ మాత్రమే. జాలీ పైన కదలలేదు కాబట్టి ముట్టుకోలేదు.

పాతపానా
నొప్పి ఒకచోట, మందు ఒకచోట. నట్ వదులు చేసినప్పుడు పైన పాత పుట్టీ ఎండిపోయి ఉంటే, జాలీ కాస్త కదిలినా చాలు, అది పగిలిపోతుంది. మళ్లీ బిగించినా అతుక్కోదు. రెండోసారి ఎక్కువ కారడానికి అదే కారణం అయి ఉండవచ్చు. అయినా నా మాట నమ్మి జాలీ పీకేయకండి, ముందు ఒక పరీక్ష చేయండి.

సింకు కిందంతా పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఒక గరాటు తీసుకుని దాని మూతి జాలీ గొంతులోకి దించి, పై అంచు తడవకుండా చెంబెడు నీళ్లు పోయండి. కింద చుక్క పడితే తప్పు జాలీ అంచులో కాదు, దాని కింది పైపు జాయింట్‌లోనో, ట్రాప్ అనే వంపు తిరిగిన పైపులోనో ఉంది. పడకపోతే రెండో అంకం: బుట్ట నొక్కి మూసి, సింకులో రెండు అంగుళాల నీళ్లు నింపి అరగంట వదిలేయండి. నట్ చుట్టూ టిష్యూ కాగితం తిప్పి చూడండి, వేలికి తెలియని తడి కాగితానికి తెలుస్తుంది. ఇప్పుడు తడిస్తే పై అంచే దోషి.

వంటింటి_వకీలు
ఈ గొడవంతా ఎందుకు? సిలికాన్ సీలెంట్ ట్యూబు ఒకటి తెచ్చి పైన చుట్టూ గీత గీస్తే అయిపోతుంది. మా ఇంట్లో నాలుగేళ్ల కిందట గీశాను, చుక్క లేదు.

పాతపానా
అంచు బయట గీసిన గీత కంటికి బాగుంటుంది. అంచు కింద పరిచిన సిలికాన్ అయితే పని చేస్తుంది, కాదనను. బయట గీసినదాని అంచు ఎక్కడో ఒకచోట లేస్తుంది, అక్కడి నుంచి నీళ్లు దూరతాయి, ఆరడానికి దారి ఉండదు.

వంటింటి_వకీలు
నాలుగేళ్లు! మళ్లీ చెబుతున్నాను. నాలుగు!

చుక్కల_లెక్క
పరీక్ష చేశాను. గరాటుతో మూడు చెంబులు పోశాను, కింద పొడిగా ఉంది. తర్వాత నింపి ఉంచితే ఎనిమిదో నిమిషంలో కాగితం తడిసింది. గోడ వైపు మాత్రమే, ముందు వైపు పొడిగా ఉంది. పై అంచే అన్నమాట. పదిహేను రోజులుగా కింద పడుకుని తప్పు చోట వెతికాను.

మెల్లగా_చేద్దాం
గోడ వైపు మాత్రమే అన్నది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంకో మాట. ఆ నట్‌కూ గ్యాస్కెట్‌కూ మధ్య పల్చటి గట్టి అట్ట వాషరు ఉందా? గోధుమ రంగులో, కాగితం అట్టలా ఉంటుంది.

చుక్కల_లెక్క
ఉంది. దాన్ని సింకు రేకు వైపు పెట్టి, దాని కింద రబ్బరు పెట్టాను. గట్టిది పైన ఉంటే రబ్బరు పాడవదు అనుకున్నాను.

మెల్లగా_చేద్దాం
అది తలకిందులైంది. నేనూ మొదటిసారి అలాగే చేశాను. రబ్బరు సింకు రేకుకు తగలాలి, దాని కింద అట్ట వాషరు, ఆ కింద నట్. అట్ట ఎందుకంటే, నట్ తిరిగేటప్పుడు దాని మీద జారుతుంది. అది మధ్యలో లేకపోతే నట్ రబ్బరును పట్టుకుని తనతో పాటు తిప్పేస్తుంది. రబ్బరు ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క బయటికి నాలుకలా తోసుకొస్తుంది. మీది అలా ఉందా, చూడండి.

చుక్కల_లెక్క
ఇప్పుడే టార్చి వేసి చూశాను. గోడ వైపు రబ్బరు నట్ బయటికి వేలెడంత పొడుచుకొచ్చింది. నాలుక అంటే నాలుకే.

రబ్బరు_చెప్పు
సింకు మిమ్మల్ని వెక్కిరిస్తోంది.

అర్ధరాత్రి_చదువరి
నా అనుభవం కూడా వినండి, నవ్వుకోవడానికి. పుట్టీ అంటే పుట్టీ అనుకుని, గోడకు రంగు వేసే ముందు పూసే పొడి పుట్టీ నీళ్లలో కలిపి జాలీ కింద పెట్టాను. రాత్రికి రాయిలా గట్టిపడింది, భలే అనుకున్నాను. వారం తర్వాత నీళ్లు తగిలి ముద్దలు ముద్దలుగా ట్రాప్‌లోకి దిగి పైపు మూసుకుపోయింది. కారడం ఆగింది, నిజమే. నీళ్లు పోవడం కూడా ఆగింది.

పాతపానా
ప్లంబర్ పుట్టీ గట్టిపడకూడదు, అదే దాని సుగుణం. నూనె కలిపిన మెత్తని ముద్ద, పిల్లలు ఆడుకునే మైనంలా ఉంటుంది. డబ్బా తెరిచాక ఎండిపోతే పారేయండి. తాడులా చుట్టినప్పుడు పగుళ్లు వస్తే అది పనికిరానట్టే.

చుక్కల_లెక్క గారు, ఇక అసలు పని. కింద పైపు విప్పి, నట్ విప్పి, జాలీని మొత్తం పైకి తీయండి. పాత పుట్టీని సింకు మీదా, జాలీ అంచు కిందా పూర్తిగా గీకాలి. కత్తి వద్దు, ప్లాస్టిక్ ముక్క చాలు, పాత కార్డు అయినా సరే. తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డతో జిడ్డు పోయేదాకా తుడవండి. ఈ దశలోనే చాలామంది తొందరపడతారు. గోరుతో గీస్తే జారకుండా కిర్రుమనాలి. తడి ఉన్న చోట పుట్టీ అంటదు, కాబట్టి బాగా ఆరనివ్వండి.

పుట్టీని చేతుల్లో పిసికి మెత్తబడ్డాక చిటికెన వేలంత లావు తాడు చేసి, జాలీ అంచు కింద చుట్టూ పెట్టి రెండు కొసలు కలిపి నొక్కండి. ఎక్కడా సన్నబడకూడదు. పెట్టాక నిలువుగా దించి రెండు అరచేతులతో నొక్కండి, పక్కకు జరపొద్దు. కింద మెల్లగా_చేద్దాం గారు చెప్పిన వరుస: రబ్బరు, అట్ట, నట్. రబ్బరుకు పుట్టీ పూయకండి. పొడిగా ఉండాలి, లేకపోతే జారి పక్కకు పోతుంది. మొన్న మీరు రెండు వైపులా పూసినది కూడా దాన్ని జార్చిందే.

మరచుట్టు
అయితే నట్ ఎంత బిగించాలి? ఈయన మొన్న తిరగదు అనేదాకా బిగించానన్నారు.

పాతపానా
అది కూడా ఎక్కువే. చేత్తో తిరిగినంత తిప్పండి. తర్వాత పానాతో పావు చుట్టు చొప్పున. పై నుంచి ఒక మనిషి జాలీని కదలకుండా పట్టుకోవాలి. మనిషి లేకపోతే రెండు స్క్రూడ్రైవర్లు జాలీ అడుగు రంధ్రాల్లో గుచ్చి, వాటి మధ్య పానా పిడి అడ్డం పెట్టండి. జాలీ తిరిగిందా, పుట్టీ కూడా తిరిగి చెదిరిపోతుంది, మళ్లీ మొదటికే.

బిగించే కొద్దీ పై అంచు చుట్టూ పుట్టీ సన్నని తీగలా బయటికి వస్తుంది. చుట్టూ ఒకేలా రావాలి. ఒక పక్క రాకపోతే అక్కడ తక్కువ పడింది లేదా రేకు అక్కడ దిగి ఉంది. పది నిమిషాలు ఆగి, చిన్న పావు చుట్టు ఇంకోటి. ఇక ఆపండి. బలమంతా పెడితే పుట్టీ మొత్తం బయటికి పోయి లోహం లోహానికి తగులుతుంది, పల్చటి రేకు వంగుతుంది. అప్పుడు అందరూ సిలికాన్ వైపు పరుగెత్తుతారు, వకీలు గారికి విజయం.

వంటింటి_వకీలు
విజయం ఇప్పటికే నాది.

రాయిసింకు
ఇక్కడ ఒక హెచ్చరిక, ఈయన సింకు స్టీలే అయినా చదివేవాళ్ల కోసం. నాది పాలరాతి బేసిన్. ఇదే పుట్టీ పెట్టాను. నాలుగు నెలలకు జాలీ చుట్టూ పసుపు నూనె వలయం పట్టింది, ఎంత రుద్దినా పోలేదు. పుట్టీలోని నూనె రాతిలోకి దిగుతుంది. రాతికీ, కొన్ని ప్లాస్టిక్ బేసిన్లకూ సిలికానే మేలు. సిలికాన్ అయితే పూర్తిగా గట్టిపడేదాకా, ఒక రోజంతా నీళ్లు తగలకూడదు. పుట్టీకి అలా ఆగనక్కర్లేదు.

చుక్కల_లెక్క
మాది స్టీలే. రేపు ఉదయం మొదలు పెడతాను. జాలీ మధ్యలో స్క్రూ లేకుండా కేవలం నట్‌తోనే ఉంది కదా మాది, పక్కింటి సింకు జాలీకి మధ్యలో ఒక పెద్ద స్క్రూ ఉంది. అది వేరే రకమా?

మెల్లగా_చేద్దాం
వేరే. అందులో పై ముక్క, కింది గిన్నె మధ్యలో స్క్రూతో కలుస్తాయి. కింది భాగం తిరగదు కాబట్టి అట్ట వాషరు గొడవ లేదు. దాంతో చాలాసార్లు పైకీ కిందకూ రబ్బరు రింగులు వస్తాయి, అలాంటిదానికి తయారీదారు పుట్టీ వద్దన్నారా అని ముందు కాగితం చూడాలి. రబ్బరు ఉన్న చోట మళ్లీ పుట్టీ పెడితే రెండూ సరిగా నొక్కుకోవు.

చుక్కల_లెక్క
ఈ రోజు చేశాను. వరుసగా చెబుతాను, తప్పులుంటే తిట్టండి.

జాలీ పైకి రావడానికి మొండికేసింది, కింద నుంచి చెక్క ముక్కతో చిన్నగా కొట్టాల్సి వచ్చింది. పైకి తీశాక చూస్తే పాత పుట్టీ ముందు వైపు మెత్తగానే ఉంది, గోడ వైపు పొడిపొడిగా ఎండి సందు కనిపిస్తోంది. నా చేతిలో పట్టిన ముక్క నలిపితే పిండిలా రాలింది. శుభ్రం చేయడానికే నలభై నిమిషాలు పట్టింది. సింకు రంధ్రం చుట్టూ ఉండే గుంట మీద స్కేలు నిలబెట్టి చూశాను. గోడ వైపు రేకు కాగితం దూరేంత కిందికి వంగి ఉంది. అది ఆ రోజు నా బలప్రయోగం వల్లే అనుకుంటాను.

పాతపానా
స్కేలు పెట్టి చూడటం మంచి పని. ఆ వంపు చిన్నదైతే పుట్టీ భర్తీ చేస్తుంది, అందుకే తాడు ఆ వైపు కాస్త లావుగా పెట్టాలి. ఎక్కువైతే చెక్క కింద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా సరిచేయాలి. అది నేర్పరి పని, చూసి చేయాలి.

చుక్కల_లెక్క
లావుగానే పెట్టాను. కొత్త రబ్బరు పొడిగా, తర్వాత అట్ట, నట్. మా అమ్మాయి పైన పట్టుకుంది, నేను కింద. నాన్నా, పుట్టీ బయటికి వస్తోంది, ఇక్కడ రావడం లేదు అని అరుస్తూ ఉంటే బిగించాను. గోడ వైపు చివరికి వచ్చింది. పైపు కలిపి, రెండు అంగుళాలు నింపి గంట ఉంచాను. కాగితం పొడి!

రబ్బరు_చెప్పు
అల్మరా పలక వాసన పోయేదాకా తలుపు తెరిచి ఉంచండి. మాకు పట్టిన బూజు ఇప్పటికీ పోలేదు.

మెల్లగా_చేద్దాం
తొందరపడి సంబరం చేసుకోకండి. నేను అప్పుడే గుర్తుపెట్టుకోమన్నాను. గోడ వైపే కారడానికి, రేకు అక్కడే వంగడానికి కారణం ఒక్క మీ బలమే కాకపోవచ్చు. జాలీ కింది పైపు, గోడలోకి వెళ్లే గొట్టం ఒకే వరుసలో ఉన్నాయా? పైపును చేత్తో లాగి కలిపారా?

చుక్కల_లెక్క
కొద్దిగా లాగాల్సి వచ్చింది. వేలెడంత దూరం ఉంటే వంచి నట్ ఎక్కించాను. ఎప్పుడూ అలాగే ఉంది.

మెల్లగా_చేద్దాం
అదిగో. పైపు ఎప్పుడూ జాలీని ఒక పక్కకు లాగుతోంది. ఆ లాగుడు గోడ వైపు పడుతుందా, ముందు వైపు పడుతుందా అన్నది గొట్టం ఎటు ఉందో దాన్ని బట్టి ఉంటుంది. పుట్టీ ముద్ద లాంటిది, ఒకే వైపు ఒత్తిడి తగులుతూ ఉంటే నెలల్లో పక్కకు జరుగుతుంది. ఒక పరీక్ష: ట్రాప్ పైనున్న నట్ వదులు చేయండి. పైపు దానంతట అది పక్కకు తప్పుకుంటే జాలీ మీద ఒత్తిడి ఉన్నట్టే. కాస్త పొడవైన పైపు ముక్క లేదా వంగే గొట్టం వేసుకుంటే జాలీకి విశ్రాంతి.

పాతపానా
నేను ఇది అడగలేదు, ఆయన అడిగారు. వంగే గొట్టం గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది, ముడతల్లో మురికి పడుతుంది. పొడవైన నేరు పైపు ముక్క వెతకండి.

మెల్లగా_చేద్దాం
మురికి నిజమే. కానీ పొడవు సరిగ్గా కోయగలిగేవాళ్లు ఎందరు?

చుక్కల_లెక్క
నట్ వదులు చేశాను. పైపు టప్పున గోడ వైపు జరిగింది, దాదాపు అంగుళం! ఇన్ని రోజులు ఇది నన్ను చూసి నవ్వుకుంటోంది. నేరు ముక్క కోసం కొలత తీసుకున్నాను.

మరచుట్టు
ఆ ముక్క మరల మీద టెఫ్లాన్...

పాతపానా
వద్దు మరచుట్టు గారు. అక్కడ కోను ఆకారపు రబ్బరు రింగు ఉంటుంది, అదే ఆపుతుంది.

చుక్కల_లెక్క
ఐదో రోజు. నేరు ముక్క వేశాను, నట్ చేత్తోనే ఎక్కింది, ఏదీ లాగాల్సిన పని లేదు. వేడి నీళ్లు, చల్లనీళ్లు మార్చి మార్చి పోశాను, జాలీ దగ్గర తడి లేదు. కానీ కొత్త ముక్క జాయింట్ దగ్గర రెండు గంటలకు ఒక చిన్న చుక్క వేలాడుతోంది. రింగు తలకిందులుగా పెట్టానేమో. సన్న వైపు ఎటు ఉండాలి?